మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బాకీలు: ఎవరూ ఐపీ పెట్టకముందే అలవెన్స్ ఎందుకు, ఎంత?

ప్రశ్న: సార్, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. పోయినేడు ఒక లిస్టెడ్ కంపెనీ మా దాంట్లో మెజారిటీ వాటా కొనింది, దాంతో 2025-26 నుంచి మాకు ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు వచ్చాయి. మార్చి 31కి రావలసిన బాకీలు 9.60 కోట్లు. ఇన్నేళ్లూ అనుమానం ఉన్న పార్టీకే ప్రొవిజన్ పెట్టేవాళ్లం, ఈసారి అలాంటిది ఒకటే, 12 లక్షలు. ఆడిటర్ మాత్రం గడువే రాని బిల్లులకూ ఈసీఎల్, అంటే ముందుగానే అంచనా కట్టే వసూలు నష్టానికి అలవెన్స్, పెట్టమంటున్నారు. మాకు బాకీలు మునిగింది దాదాపు లేదు. రాని నష్టాన్ని ఎలా లెక్కగట్టేది?

సమాధానం:

మీ ఫ్యాక్టరీ కాటా దగ్గర జరిగేదాన్నే ఒకసారి తలచుకోండి. తోతాపురి లోడు దిగుతుంది. అందులో ఏ కాయ కుళ్ళిందో ఒక్కొక్కటీ కోసి చూడరు. అయినా తరుగు తీసేస్తారు. ఏ కాయ పోతుందో తెలియదు గానీ, లోడు మొత్తం మీద ఎంత పోతుందో ఇన్నేళ్ల అనుభవం చెబుతుంది. మీ ఆడిటర్ బాకీల లోడుకు కూడా అలాగే తరుగు తీయమంటున్నారు. ఇప్పటిదాకా మీరు చేసింది, కుళ్ళిన కాయ కంటబడ్డాక దాన్ని మాత్రమే పక్కన పెట్టడం.

పాత పద్ధతిలో నష్టం రాయాలంటే బ్యాలన్స్ షీట్ తేదీకే ఏదో ఒకటి జరిగి ఉండాలి. పార్టీ ఐపీ పెట్టాలి, చెక్కు తిరిగి రావాలి, షాపు మూతపడాలి. మన దగ్గర ఏఎస్ 4 అనే పాత ప్రమాణం ప్రకారం ఆ తేదీకి ఆస్తి విలువ తగ్గిపోయే సంభావ్యత ఉంటేనే ప్రొవిజన్ పెట్టేవాళ్లం. బయటి దేశాల్లో అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 39 ఇంకా గట్టిగా ఉండేది. ముందు ముందు జరిగేదాని వల్ల వచ్చే నష్టాన్ని, అది ఎంత ఖాయంగా కనిపించినా, రాయకూడదని దాని మాట. 2008 సంక్షోభంలో బ్యాంకులు నష్టాలను బాగా ఆలస్యంగా చూపించాయన్న విమర్శ వచ్చాక ఆ పద్ధతిని వదిలేశారు. దాని స్థానంలో 2014 జులైలో ఐఎఫ్ఆర్ఎస్ 9 పూర్తి రూపంలో వచ్చింది. మనకు అదే ఇండ్ ఏఎస్ 109. ఇందులో నష్ట సంఘటన కోసం ఎదురుచూడడం లేదు. బిల్లు కొట్టిన రోజునే, అది పూర్తిగా వసూలు కాకపోయే అవకాశానికి ఒక ధర ఉంటుంది, దాన్ని ఆ రోజు నుంచే చూపాలి.

మామూలు వ్యాపార బాకీలకు ఈ ప్రమాణం ఒక సులువు దారి కూడా పెట్టింది. వడ్డీ అంశం కలవని బాకీలకు మొదటి రోజు నుంచే జీవితకాల నష్టం లెక్కగట్టాలి. పార్టీ రిస్కు పెరిగిందా, 30 రోజులు దాటిందా అని దశలు మార్చే పని మీకు లేదు, అదంతా అప్పులిచ్చే సంస్థలకు. గడువు దాటిన రోజులను బట్టి ఒక పట్టిక వేసి, ఒక్కో గడికి ఒక్కో నష్ట శాతం పెట్టడానికి కూడా ఒప్పుకుంటుంది. ప్రొవిజన్ మ్యాట్రిక్స్ అంటే అదే. మీకు కష్టమంతా ఆ శాతాలు ఎక్కడినుంచి తేవాలన్న దగ్గరే.

ముందు బాకీలను విడదీయండి

9.60 కోట్లను ఒకే పట్టికలో పోయకండి. మీ లాంటి ఫ్యాక్టరీలకు సాధారణంగా మూడు రకాల కొనుగోలుదారులు ఉంటారు. నేను ఉదాహరణకు అంకెలు వేస్తున్నాను, మీ లెడ్జర్ చూసి మార్చుకోండి. పెద్ద శీతల పానీయాల కంపెనీలు రెండు, కలిపి 4.80 కోట్లు. ఎల్సీ మీద, అంటే కొనేవారి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ మీద, పంపిన ఎగుమతులు 1.20 కోట్లు. మిగతా 3.60 కోట్లు గుజ్జు ట్రేడర్లు, చిన్న జ్యూస్ తయారీదారులు. మీరు చెప్పిన 12 లక్షల పార్టీ ఈ మూడో గుంపులోనే ఉంటాడు. అతన్ని బయటికి తీసి విడిగా చూడాలి. మిగిలేది 3.48 కోట్లు.

విడదీయకపోతే ఏమవుతుందంటే, పెద్ద కంపెనీలు ఠంచనుగా కట్టే తీరు ట్రేడర్ల ఆలస్యాన్ని కప్పేస్తుంది. సగటు శాతం ముచ్చటగా చిన్నదిగా వస్తుంది. తర్వాత ఏడాది పెద్ద కంపెనీ ఆర్డరు తగ్గించి మీరు సరుకంతా ట్రేడర్లకు అమ్మితే, రిస్కు రెట్టింపైనా మీ పట్టికకు ఆ సంగతి తెలియదు.

పెద్ద కంపెనీలకు మీ సొంత చరిత్రలో నష్టం సున్నా అయినా సున్నా పెట్టకండి. వాటి రేటింగ్‌కు రేటింగ్ ఏజెన్సీలు ప్రచురించే డిఫాల్ట్ శాతాన్ని తీసుకోండి. అది ఏడాదికి 0.30 శాతం అనుకుందాం. మీ బాకీ నిలిచేది రెండు నెలలు, కాబట్టి 0.05 శాతం, అంటే 24,000 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కానీ ఎందుకు చిన్నదో కాగితం మీద ఉంటుంది. ఎల్సీ ఉన్న ఎగుమతుల్లో రిస్కు కొనుగోలుదారుడిది కాదు, ఎల్సీ తెరిచిన బ్యాంకుది. డాక్యుమెంట్లలో తేడాలున్నాయని బ్యాంకు అంగీకరించని బిల్లులు ఏమైనా ఉంటే మాత్రం వాటిని ఈ గుంపులోంచి తీసేయండి, వాటికి ఎల్సీ రక్షణ లేనట్టే. అలాంటివి లేవనీ, బ్యాంకు రిస్కు లెక్కలోకి రానంత చిన్నదనీ అనుకుని ఇక్కడ ఏమీ వేయడం లేదు.

ట్రేడర్ల బాకీ ఒక గడి నుంచి ఇంకో గడికి ఎలా జారుతుంది

మీ ట్రేడర్లకు 30 రోజుల క్రెడిట్ అనుకుందాం. గత మూడేళ్ల ప్రతి నెలాఖరుకూ ఏజింగ్, అంటే గడువు దాటిన రోజుల వారీగా బాకీల జాబితా, తీయండి. ఆగస్టు 31న గడువు లోపల ఉన్నది 2.50 కోట్లు, సెప్టెంబర్ 30న 1–30 రోజుల గడిలో ఉన్నది 1.00 కోటి అయితే, గడువులోపలి బాకీలో 40 శాతం కట్టకుండా తర్వాతి గడిలోకి జారినట్టు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, సెప్టెంబర్ 30నాటి రెండు గడులను ఒకదానితో ఒకటి భాగిస్తారు. అవి వేర్వేరు నెలల బిల్లులు. ఈ నెల గడిని పోయిన నెల ముందు గడితోనే పోల్చాలి. సీజన్ వ్యాపారంలో అమ్మకాలు నెలనెలకూ ఎగిరి పడతాయి కాబట్టి ఈ తప్పు మీకు మామూలు కంపెనీల కన్నా ఎక్కువ దెబ్బ తీస్తుంది. అందుకే 36 నెలల శాతాలను కూడి 36తో భాగించకండి. జారిన మొత్తాలన్నీ ఒకవైపు, ముందు గడి మొత్తాలన్నీ ఇంకోవైపు కూడి, ఆ తర్వాత భాగించండి. లేకపోతే అమ్మకం లేని నెల ఒకటి పెద్ద నెలతో సమానంగా బరువు తూగుతుంది.

ఇలా చేస్తే ఈ సగటులు వచ్చాయనుకోండి. గడువు లోపలి నుంచి 1–30కి 40 శాతం, అక్కడి నుంచి 31–60కి 50, 61–90కి 50, 90 దాటడానికి 60. 90 దాటిన వాటిలో చివరికి అసలు రానివి 25 శాతం. ఇప్పుడు వెనక నుంచి గుణించుకుంటూ రండి. 90 దాటినదానికి నష్టం 25 శాతం. 61–90కి దానిలో 60 శాతం, అంటే 15. 31–60కి అందులో సగం, 7.5. 1–30కి 3.75. గడువు లోపల ఉన్నదానికి అందులో 40 శాతం, 1.5.

| గడువు దాటిన రోజులు | బాకీ (లక్షల్లో) | నష్ట శాతం | అలవెన్స్ (లక్షల్లో) |
|---|---|---|---|
| గడువు లోపల | 200 | 1.50 | 3.00 |
| 1–30 | 80 | 3.75 | 3.00 |
| 31–60 | 32 | 7.50 | 2.40 |
| 61–90 | 16 | 15.00 | 2.40 |
| 90 పైన | 20 | 25.00 | 5.00 |
| మొత్తం | 348 | | 15.80 |

గడువు రాని 2 కోట్లకు 3 లక్షలు పడింది చూడండి. పాత పద్ధతిలో అక్కడ సున్నా, మిగతా నాలుగు గడులకూ సున్నా. ఆ ట్రేడర్లలో ఎవరో ఒకరు ఐపీ పెట్టిన రోజున ఆ నష్టమంతా ఒకేసారి ఆ ఏడాది లాభం మీద పడేది.

క్రెడిట్ గడువు గురించి ఒక హెచ్చరిక. పై లెక్క 30 రోజుల క్రెడిట్‌కు కుదురుతుంది, ఎందుకంటే ఈ నెలాఖరుకు గడువు లోపల ఉన్న బిల్లులన్నీ వచ్చే నెలాఖరుకు గడువు దాటుతాయి, లేదా వసూలవుతాయి. మీరు 60 రోజులు ఇస్తుంటే సగం బిల్లులు నెల తర్వాత కూడా గడువు లోపలే ఉంటాయి. జారిన శాతం కృత్రిమంగా తక్కువ కనిపిస్తుంది, దానితో మొదటి గడి అలవెన్స్ కూడా తగ్గిపోతుంది. అప్పుడు గడువు లోపలి గడిని రెండుగా చీల్చండి, గడువుకు 30 రోజుల పైన ఉన్నవి, 30 లోపు ఉన్నవి అని.

"మునిగింది దాదాపు లేదు" అన్న మాట

ఇది నిజమో కాదో నమ్మే ముందు క్రెడిట్ నోట్ల ఫైలు తీయండి. గుజ్జు వ్యాపారంలో బాకీ రైట్ ఆఫ్ చేయడం అరుదు. ఐదారు నెలలు తిరిగాక పార్టీ "ఇంత వదిలేయండి, మిగతాది ఇస్తా" అంటాడు, మీరు క్వాలిటీ తగ్గింపు పేరుతో క్రెడిట్ నోట్ కొట్టి ఖాతా మూసేస్తారు. పుస్తకాల్లో అది అమ్మకం తగ్గింపు. ఈసీఎల్ లెక్కకు అది వసూలు కాని బాకీ.

అన్ని క్రెడిట్ నోట్లూ అలాంటివి కావు. బ్రిక్స్ తగ్గిందనో, నల్లచుక్కలు ఎక్కువున్నాయనో నిజంగా వచ్చిన తగాదా ఆదాయానికి సంబంధించింది, అది ఇండ్ ఏఎస్ 115 కిందికి పోతుంది, ఇక్కడ కలపకూడదు. రెండిటినీ వేరు చేయడం అంత కష్టమేమీ కాదు. నిజమైన క్వాలిటీ క్లెయిము సరుకు దిగిన కొద్ది రోజుల్లో, బ్యాచ్ నంబరుతో, ల్యాబ్ రిపోర్టుతో వస్తుంది, మొత్తం కూడా వంకర అంకె ఉంటుంది. బాకీ రాజీ క్రెడిట్ నోట్ నెలల తర్వాత వస్తుంది, ఆఖరి చెల్లింపు పడిన రోజునే పుడుతుంది, గుండు అంకెలో ఉంటుంది. మార్కెటింగ్ చూసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో నోటూ అడగండి. వాళ్లకు అన్నీ గుర్తుంటాయి.

ఇలా తీశాక, మూడేళ్లలో రైట్ ఆఫ్ 14 లక్షలు, రాజీ క్రెడిట్ నోట్లు 40 లక్షలు, కలిపి 54 లక్షలు తేలిందనుకోండి. అదే మూడేళ్లలో ట్రేడర్లకు అమ్మింది 36 కోట్లు. నష్టం 1.5 శాతం. పై పట్టిక మొదటి గడి కూడా 1.5 శాతమే చెప్పింది. ప్రతి బిల్లూ గడువు లోపలి గడిలోనే పుడుతుంది కాబట్టి ఈ రెండూ దగ్గరదగ్గరగా రావాలి. నెలాఖరు లోపే కట్టేసిన బిల్లులు పట్టికలోకి రావు కనుక గడి శాతం కాస్త ఎక్కువుంటే పర్వాలేదు. రెండింటికీ పొంతన లేకపోతే ఎక్కడో ఏజింగ్ తప్పుంది. శాతాలు నమ్మే ముందు నేనెప్పుడూ ఈ సరిచూపు చేస్తాను.

ఏజింగ్ ఎక్కడ చెడుతుంది

తిరుపతి దగ్గర ఒక ప్యాకింగ్ మెటీరియల్ కంపెనీకి మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు నేను రెండు వారాలు వృథా చేశాను. 90 పైన గడిలో బాకీ గుట్టలుగా కనిపించింది, పార్టీలు మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నారు. కారణం టాలీలో రసీదులన్నీ `On Account` మీద వేసి ఉండడం. డబ్బు వచ్చింది, కానీ ఏ బిల్లుకూ తగలలేదు. పాత బిల్లులు పెండింగ్‌లోనే నిలిచిపోయాయి. రసీదులను `Agst Ref` కింద బిల్లుబిల్లుకూ కట్టాకే అసలు చిత్రం బయటపడింది. మీరు కూడా ముందు ఇది చూసుకోండి. పార్టీ ఏ బిల్లుకని చెప్పకుండా కట్టినచోట పాత బిల్లు నుంచి వరసగా సర్దండి, ఆ పద్ధతే మూడేళ్లూ పాటించండి. అలాగే ఏజింగ్ బిల్లు తేదీ నుంచి వస్తోందా, గడువు తేదీ నుంచి వస్తోందా చూడండి. పార్టీ మాస్టర్‌లో క్రెడిట్ రోజులు వేయకపోతే రెండూ ఒకటైపోతాయి, సరిగ్గా కట్టే పార్టీ కూడా 30 రోజులు ఆలస్యమైనట్టు కనబడతాడు.

ముందుచూపు సవరణ

చరిత్ర శాతాలతో ఆగితే అది సగం పనే. రాబోయే నెలల పరిస్థితి గత మూడేళ్ల లాంటిది కాకపోతే సవరించాలి. 2025 సీజన్ మీకు నేను చెప్పనక్కర్లేదు. గుజ్జు నిల్వలు పేరుకుని కాయ ధర పడిపోతే, ప్రభుత్వం కిలోకు 12 రూపాయల ధర ప్రకటించి అందులో 4 రూపాయలు తానే ఇస్తానంది. పాత ధరకు గుజ్జు కొని డ్రమ్ములు నింపుకున్న ట్రేడరుకు ధర పడితే చేతిలో డబ్బు ఆడదు, మీకు కట్టేది మొదట ఆపుతాడు. గుజ్జు ధరకూ మీ వసూళ్లకూ ఈ లంకె ఉందో లేదో మీ సొంత రికార్డులోనే తేలుతుంది. ధర పడిన సీజన్ తర్వాతి నెలల్లో 90 దాటిన గడికి జారుడు ఎంత పెరిగిందో విడిగా తీయండి.

ఆ నెలల్లో నష్టం మామూలుకు ఒకటిన్నర రెట్లు వచ్చిందనుకుందాం. రాబోయే కాలం అలా ఉండే అవకాశం 30 శాతం, మామూలుగా ఉండే అవకాశం 70 శాతం అని మీ యాజమాన్యం కారణాలతో నిర్ణయిస్తే, 0.70 × 1 + 0.30 × 1.5, అంటే 1.15. 15.80 లక్షలు 18.17 లక్షలవుతుంది. చెడ్డ అంచనా ఒక్కటే పట్టుకోకూడదు, మంచి అంచనా ఒక్కటే కూడా కాదు. ప్రమాణం కోరేది రెండింటికీ బరువు కట్టిన, మొగ్గు లేని అంకె. లంకె చూపించలేకపోతే ఊరికే పది శాతం కలపకండి. ఆ పది ఎక్కడిదని ఆడిటర్ అడిగితే జవాబు ఉండదు, లాభం తగ్గించుకోవడానికి గుప్తంగా దాచుకున్నట్టు అవుతుంది.

మొత్తం కలిపితే ట్రేడర్లకు 18.17 లక్షలు, పెద్ద కంపెనీలకు 0.24, విడిగా చూసిన పార్టీకి 12. వెరసి 30.41 లక్షలు. ఆ 12 లక్షల పార్టీ విషయంలో కూడా, వసూలయ్యే అవకాశం నిజంగా ఏమీ లేదా అని మళ్లీ చూడండి. లాయర్ ద్వారా 4 లక్షలకు రాజీ మాటలు గట్టిగా నడుస్తుంటే పూర్తి 12 పెట్టడం కూడా మొగ్గే.

పుస్తకాల్లో ఎక్కడ పడుతుంది

ఈ 30.41 లక్షలూ ఈ ఏడాది ఖర్చు కాదు. ఇదే మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. 2025-26 మీ మొదటి ఇండ్ ఏఎస్ సంవత్సరమైతే, పోలిక సంవత్సరం మొదటి రోజైన 2024 ఏప్రిల్ 1 మీ మార్పు తేదీ. ఆ తేదీకి కూడా ఇదే లెక్క వేయాలి. అప్పటికి 21 లక్షలు అవసరమై, పాత పుస్తకాల్లో 5 లక్షలే ఉంటే, తేడా 16 లక్షలు పన్ను ప్రభావం పోను నేరుగా నిలవ లాభాల్లోంచి తగ్గుతుంది. ఆ తర్వాత ఏడాదికేడాది పెరిగినంత, తగ్గినంత మాత్రమే లాభనష్టాల ఖాతాకు వస్తుంది. మార్పు తేదీ లెక్కలో ఆ రోజుకు తెలిసిన సమాచారమే వాడండి. 2025లో ధర పడిందని 2024 ఏప్రిల్ అలవెన్స్ పెంచకూడదు.

పన్ను దగ్గర ఈ అలవెన్స్ చెల్లదు. బాకీని నిజంగా రైట్ ఆఫ్ చేసిన ఏడాదే మినహాయింపు దొరుకుతుంది. అందువల్ల డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తి, అంటే ముందు ముందు దొరికే పన్ను తగ్గింపు, పుడుతుంది, దాన్ని మరిచిపోతే మీ నిలవ లాభాల సర్దుబాటు ఎక్కువ పడుతుంది. బాకీ ఏజింగ్ వివరాలు కంపెనీల చట్టం షెడ్యూల్ 3 కింద నోట్సులో ఎలాగూ ఇవ్వాలి. అక్కడి గడులు ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది అని పెద్దవి. మీ మ్యాట్రిక్స్ గడులు వాటిలాగే ఉండాలన్న నియమం లేదు, మొత్తం మాత్రం కలవాలి.

సెప్టెంబర్ వచ్చేసరికి మళ్లీ ఫైలు తెరిచి, మార్చి 31న 90 పైన ఉన్న ఆ 20 లక్షల్లో ఎంత వసూలైందో రాసి పెట్టుకోండి. అందులో 5 లక్షలు రావని మీ పట్టిక చెప్పింది. 19 లక్షలు వచ్చేస్తే మీ 25 శాతం ఎక్కువ, 10 లక్షలే వచ్చి మిగతావాళ్లు ఫోను ఎత్తకపోతే తక్కువ. వచ్చే మార్చికి ఆడిటర్ మొదట అడిగే కాగితం అదే.